ఊడిన పెచ్చును తిరగేసి చూడండి

పైకప్పు నుంచి పెచ్చు ఊడిపడితే వెంటనే ఊడ్చి పారేయకండి. చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. రంగు వేసిన వైపు కాదు, స్లాబ్‌ను అంటిపెట్టుకుని ఉన్న వైపు చూడాలి. అక్కడ ఇసుక, సిమెంటు తప్ప ఇంకేమీ లేకపోతే ఊడింది ప్లాస్టరింగ్. కంకర ముక్కలు కనిపిస్తే మాత్రం అది స్లాబ్ కాంక్రీటే. ఆ కాంక్రీటులో పెన్సిల్ మందాన పొడవాటి గాడి, గాడి నిండా గోధుమరంగు పొడి ఉంటే లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, తన మీదున్న కాంక్రీటును తనే తన్నేసిందన్నమాట. మొదటి రకం పెచ్చుకు మేస్త్రీ చాలు. రెండో రకం పెచ్చు ఊడిన ఇంటివాళ్లు అసోసియేషన్‌కు ఉత్తరం రాయాలి.

ఆ ఉత్తరం గురించే ఈ కథనం. తెలుగు నగరాల్లో అపార్ట్‌మెంట్ల మొదటి పెద్ద కెరటం 1990 దశకంలో వచ్చింది. ఆనాటి బ్లాకులకు ఇప్పుడు ముప్ఫై ఏళ్లు నిండుతున్నాయి. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే కాలనీ, హైదరాబాద్‌లో అమీర్‌పేట, హిమాయత్‌నగర్, విజయవాడలో మొగల్రాజపురం... ఎక్కడ చూసినా అవే నాలుగైదంతస్తుల బ్లాకులు: కింద పార్కింగ్, పైన ఇరవై ఫ్లాట్లు, డాబా మీద నీళ్ల ట్యాంకు. వాటిలో ఉంటున్నవాళ్లు ఇప్పుడొక మాట అడగడం మొదలుపెట్టారు: “మన బిల్డింగ్‌ను ఒకసారి ఇంజినీరుకు చూపిద్దాం.” ఆ మాటకు వచ్చే జవాబు కూడా అన్నిచోట్లా ఒకటే: “ఇప్పుడేమైంది, బాగానే ఉందిగా?”

బాగానే ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పడానికి ఒక బ్లాకును నమూనాగా తీసుకుందాం. పేరు అక్కర్లేదు. ఇలాంటివి వీధికి రెండున్నాయి. విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపల 1995లో కట్టింది. పార్కింగ్ మీద నాలుగంతస్తులు, అంతస్తుకు ఐదు ఫ్లాట్లు, పదహారు పిల్లర్లు. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారి వంటింట్లో పెచ్చు ఊడింది. అందులో కంకర ఉంది, గాడి ఉంది.

ముప్ఫై ఏళ్లలో లోపల జరిగేది

కాంక్రీటులో చువ్వలు అన్నేళ్లు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం కాంక్రీటులోని క్షార గుణం. కొత్త కాంక్రీటు పీహెచ్ 12.5కు పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనపడని పల్చటి పొర ఏర్పడి, తుప్పును రానివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ ఆ క్షారాన్ని చంపుతూ పోతుంది. ఇంజినీర్లు దీన్ని కార్బనేషన్ అంటారు. పీహెచ్ 9 దాకా పడిపోయిన కాంక్రీటు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కొడితే ఖంగుమనే మోగుతుంది. చువ్వను కాపాడే గుణం మాత్రం అందులో ఉండదు.

ఇది ఎంత వేగంగా లోపలికి దిగుతుందన్నది కాంక్రీటు నాణ్యతను బట్టి ఉంటుంది. 1995 నాటికి అమల్లో ఉన్న కోడ్ ఐఎస్ 456:1978. చువ్వలు వేసే కాంక్రీటుకు అది అడిగిన కనీస బలం ఎం15. అంటే 28 రోజులు క్యూరింగ్ అయిన ఘనం ప్రతి చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. 2000లో కోడ్‌ను సవరించినప్పుడు ఈ కనీసాన్ని ఎం20కి పెంచారు. చేత్తో కలిపి, గంపలతో మోసి పోసిన ఆనాటి ఎం15లో కార్బనేషన్ మొదటి ఏడాది సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుందనుకోవచ్చు. తర్వాత అదే వేగంతో సాగదు. లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది: నాలుగేళ్లకు 8 మిల్లీమీటర్లు, తొమ్మిదేళ్లకు 12, పదహారేళ్లకు 16, పాతికేళ్లకు 20, ముప్ఫై ఏళ్లకు దాదాపు 22.

ఇప్పుడు చువ్వ ఎంత లోతులో ఉందో చూద్దాం. అదే 1978 కోడ్ ప్రకారం స్లాబ్ అడుగున చువ్వకు ఉండాల్సిన కనీస కవరు 15 మిల్లీమీటర్లు. బీముకు 25, పెద్ద పిల్లరుకు 40. లెక్క కళ్లముందే ఉంది. కోడ్ ప్రకారం బుద్ధిగా కట్టిన ఇంట్లో కూడా స్లాబ్ చువ్వలు పద్నాలుగేళ్లకే రక్షణ కోల్పోతాయి. బీము చువ్వలకు ఆ గడువు ముప్ఫై తొమ్మిదో ఏట ముగుస్తుంది. కవర్ బ్లాకులు పెట్టకుండా, చువ్వల జాలీని కాళ్లతో తొక్కేసిన చోట కవరు 10 మిల్లీమీటర్లే మిగిలితే స్లాబ్‌కు ఉన్నది ఆరేళ్ల పైచిలుకే. ప్లాస్టరింగ్ కొంత ఆలస్యం చేస్తుంది, రంగులు మరికొంత ఆపుతాయి. కానీ ముప్ఫై ఏళ్లు అన్నది ఎవరో గాలిలోంచి తీసిన అంకె కాదు. స్లాబుల కవచం పోయి, బీముల కవచం పోబోతున్న వయసు అది.

కవచం పోయినంత మాత్రాన తుప్పు మొదలైపోదు. తుప్పుకు నీళ్లు కావాలి. అందుకే పొడిగా ఉండే హాలు స్లాబ్ ముప్ఫై ఏళ్లకూ చెక్కుచెదరదు, పై ఫ్లాటు బాత్‌రూము కింద ఉన్న స్లాబ్ ఇరవై ఏళ్లకే ఊడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి ముందు చువ్వ వెంబడి సన్నటి పగులు, తర్వాత గోధుమరంగు చార, చివరికి పెచ్చు. విశాఖలాంటి సముద్రతీరంలో దీనికి ఉప్పు తోడవుతుంది. గాలిలో వచ్చే ఉప్పు పగుళ్లలోంచి లోపలికి దిగి చువ్వను చేరితే, కాంక్రీటులో క్షారం బాగానే ఉన్నా సరే, అక్కడక్కడా గుంటలు పడేలా తినేస్తుంది. ఈ రకం తుప్పు చాలాసార్లు ఉబ్బదు, పెచ్చు ఊడదు, బయటికి ఏమీ కనపడదు. లోపల చువ్వ సన్నబడుతుంది. తీరం దగ్గరి ఇళ్లకు కంటితో చూసే పరీక్ష చాలదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

సర్టిఫికెట్ అడగకండి, రీడింగులు అడగండి

మాస్టారు ఫోన్ చేస్తే సెక్రటరీ గారు, “మేస్త్రీని పంపిస్తాను మాస్టారూ, రెండు బస్తాల పని” అన్నారనుకుందాం. ఆయన మంచి మనిషే. ఆయనకు తెలిసిన పరిష్కారం అది. కానీ తుప్పు పట్టిన చువ్వ మీద కొత్త సిమెంటు మెత్తితే ఏడాదిన్నరలో అదే చోట మళ్లీ ఊడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. కొత్త సిమెంటు తాకిన చోట చువ్వకు క్షార రక్షణ తిరిగి వస్తుంది, దాని పక్కన పాత కాంక్రీటులో ఉన్న చువ్వకు రాదు. ఒకే చువ్వలో ఈ రెండు స్థితులు పక్కపక్కన ఉండేసరికి అతుకు అంచుల దగ్గర తుప్పు మునుపటి కన్నా వేగం పుంజుకుంటుంది. మరమ్మతు చేసిన చోటు బాగుండి దాని చుట్టూ కొత్త పెచ్చులు ఊడుతుంటే జరుగుతున్నది ఇదే.

అందుకని ఉత్తరం రాయాలి. ఫోన్ కాదు, వాట్సాప్ గ్రూపులో మాట కాదు, తేదీ వేసిన ఉత్తరం. ఫ్లాటు ఎవరిదైనా దాన్ని మోసే అస్థిపంజరం అందరిదీ. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పునాదులు, పిల్లర్లు, బీములు, పైకప్పులను ఉమ్మడి ఆస్తిగానే చూస్తుంది. కాబట్టి “మీ ఇంట్లో ఊడింది, మీరే బాగుచేసుకోండి” అనే మాటకు ఆధారం లేదు. చాలా ఉత్తరాలు తేలిపోయేది ఇంకోచోట: “బిల్డింగ్ భద్రంగా ఉందని సర్టిఫికెట్ తెప్పించండి” అని రాస్తారు. సర్టిఫికెట్ అడిగితే సర్టిఫికెట్టే వస్తుంది. ఒక ఇంజినీరు వచ్చి పార్కింగ్‌లో ఒక చుట్టు తిరిగి, డాబా ఎక్కి దిగి, లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడతారు. ఆ కాగితం బ్యాంకు లోనుకు పనికిరావొచ్చు. మాస్టారి వంటింటి స్లాబ్‌లో చువ్వ ఎంత మిగిలిందో అది చెప్పదు.

మాస్టారి ఉత్తరం ఇలా ఉంటే బాగుంటుంది: “అధ్యక్ష, కార్యదర్శులకు. మన భవనం 1995లో పూర్తయింది. ఫ్లాటు 303 వంటింట్లో, 204 బాత్‌రూము పైకప్పులో, పార్కింగ్‌లో 7వ పిల్లరు అడుగున కాంక్రీటు ఊడి చువ్వలు బయటపడ్డాయి. ఫొటోలు, తేదీలు జతచేశాం. మొత్తం భవనానికి స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలని కోరుతున్నాం. ఆడిట్ చేసే ఇంజినీరు మరమ్మతు కాంట్రాక్టుకు పోటీపడకూడదు. ప్రతి ఫ్లాటూ లోపలికి వెళ్లి చూడాలి. ఏ పరీక్ష ఎన్నిచోట్ల చేస్తారో ముందే రాసివ్వాలి. నివేదికతో పాటు అన్ని రీడింగులూ, పరీక్షించిన చోట్లు గుర్తించిన ప్లానూ ప్రతి యజమానికీ ఇవ్వాలి. ఏ పిల్లరు, ఏ బీము, ఏ స్లాబ్ ఏ స్థితిలో ఉందో విడివిడిగా చెప్పాలి. వచ్చే జనరల్ బాడీలో ఈ అంశం పెట్టగలరు.” కింద ఎంతమంది సంతకం చేస్తే అంత మంచిది. సంతకం చేసినవాళ్లు తమ ఫ్లాటు తలుపు తీస్తామని కూడా ఒప్పుకున్నట్టే. ఇంజినీర్లు ఎదుర్కొనే పెద్ద చిక్కు అదే. ఇరవైలో ఎనిమిది ఫ్లాట్లకు తాళాలు, యజమానులు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. మిగిలినవాటిలో సగానికి ఫాల్స్ సీలింగ్, గోడ నిండా వార్డ్‌రోబ్. ఫాల్స్ సీలింగ్ కనీసం ఒక మూలన తీయించాలి. చెమ్మ చారలను దాచడానికే దాన్ని వేయించిన ఇళ్లు కూడా ఉంటాయి.

ఉత్తరంతో పాటు కట్టినప్పటి స్ట్రక్చరల్ డ్రాయింగులు వెతకాలి. అసోసియేషన్ దగ్గర లేకపోతే బిల్డరు దగ్గర, అక్కడా లేకపోతే కార్పొరేషన్ దగ్గరున్న మంజూరు ప్లాను కాపీ అయినా తెచ్చుకోవాలి. మంజూరు ప్లానులో గదులుంటాయి గానీ చువ్వల వివరాలు ఉండవు. అవి దొరక్కపోతే ఇంజినీరు కవర్ మీటరుతో స్కాన్ చేసి, రెండు మూడు చోట్ల కాంక్రీటు తొలిచి చువ్వల మందం కొలవాల్సి వస్తుంది. ఆ పని ఖర్చులో కలుస్తుందని ముందే తెలిసి ఉండాలి.

సుత్తి చెప్పే అబద్ధం

ఆడిట్ రోజున అందరి కళ్లూ పడేది రీబౌండ్ హ్యామర్ మీద. చేతి పొడుగున్న గొట్టంలాంటి పరికరం. పిల్లరుకు ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు బరువు కొట్టుకుని వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరితే ఉపరితలం అంత గట్టిది. నిమిషంలో అయిపోతుంది, చవక, పిల్లరుకేమీ కాదు. అందుకే తక్కువ ధరకు ఒప్పుకున్న ఆడిట్లు చాలావరకు ఈ సుత్తి రీడింగులతోనే నిండిపోతాయి. ఇక్కడే పాత భవనాలకు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. కార్బనేషన్ అయిన కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది. సుత్తి కొట్టేది ఆ పైపొరనే. అసలు బలం కన్నా సగం దాకా ఎక్కువ చూపించవచ్చని సుత్తి పరీక్ష గురించిన భారతీయ ప్రమాణమే హెచ్చరించింది. ముప్ఫై ఏళ్ల పిల్లరు పైపొర క్షారం కోల్పోయింది కాబట్టే పిల్లరు సుత్తి ముందు బలంగా కనిపిస్తుంది. సుత్తి రీడింగులు మాత్రమే ఉన్న నివేదికను ఆమోదించకండి.

సుత్తి పనికిరాదని దీని అర్థం కాదు. పదహారు పిల్లర్లలో ఏది మిగతావాటి కన్నా బలహీనమో పోల్చి చూపడానికి అది చక్కగా ఉపయోగపడుతుంది. దాని తర్వాత అల్ట్రాసోనిక్ పరీక్ష. పిల్లరుకు ఒక వైపు నుంచి ధ్వని తరంగం పంపి అవతలి వైపు అందుకుంటారు. మంచి కాంక్రీటులో ఆ తరంగం సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు మించి పరుగెత్తుతుంది. మూడుకు తగ్గితే లోపల గుల్లో, పగులో ఉందని అనుమానించాలి. సుత్తి, తరంగం రెండూ కలిపి ఎక్కడ తేడాగా ఉన్నాయో చూసి, ఆ చోట్లే కోర్ తీస్తారు. అంటే కాంక్రీటును గుండ్రటి కడ్డీలా కోసి బయటికి తీసి, ల్యాబ్‌లో నలగ్గొట్టడం. అసలు బలం చెప్పేది ఇది. మూడు కోర్లకు తక్కువ తీయకూడదని కోడ్ చెబుతుంది. కోసేముందు కవర్ మీటరుతో చువ్వలు ఎక్కడున్నాయో చూసుకోవాలి, లేకపోతే పరీక్షే పిల్లరును గాయపరుస్తుంది. తీసిన రంధ్రాన్ని అదే రోజు కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపించాలి.

మన నమూనా బ్లాకు సంగతి చూద్దాం. 7వ పిల్లరు, దాని పక్క రెండు పిల్లర్ల కోర్లు 14, 12.5, 11.8 బలం చూపించాయనుకోండి. కోడ్ ప్రకారం కోర్ల సగటు అనుకున్న గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకూడదు. ఎం15కు ఇవి 12.75, 11.25. మనకు వచ్చిన సగటు 12.77. గట్టెక్కింది, వెంట్రుక వాసిలో. ఇంతటితో “సురక్షితం” అని రాసేస్తే అది సగం ఆడిట్. ఈ బలంతో ఇప్పుడున్న బరువును పిల్లరు మోయగలదా అని లెక్క కట్టి చూపాలి. 1995లో అనుకున్న బరువు వేరు, ఇవాళ ఉన్న బరువు వేరు.

ఈ ముక్క దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నివాస గదుల స్లాబ్‌ను మనుషులు, సామాన్లు కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు భారానికి డిజైన్ చేస్తారు. పాత మొజాయిక్ పగలగొట్టడం దుమ్ము, గోల అని దాని మీదే కొత్త టైల్స్ వేయించుకునే అలవాటు మనకుంది. టైలు, కింద పోసే మసాలా కలిపి రెండంగుళాల మందం వేస్తే చదరపు మీటరుకు 110 కిలోల పైమాటే. అంటే స్లాబ్ దాచుకున్న అదనపు శక్తిలో సగానికి పైగా నేలకే ఖర్చయిపోయింది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు మీద ఇది పది టన్నులు. ఇరవై ఫ్లాట్లలో పది ఫ్లాట్లవాళ్లు ఇలా చేస్తే పునాదుల మీద వంద టన్నులు కొత్తగా వచ్చి కూర్చున్నాయి. డాబా మీద రెండు వేల లీటర్ల ట్యాంకు ఒక్కొక్కటీ నిండితే రెండు టన్నులు. బాల్కనీలో కట్టిన గోడ, పెంట్‌హౌస్ గది, మొక్కల మడులు అన్నీ ఇంజినీరుకు చెప్పాలి. జరిమానా పడుతుందేమోనని దాచిపెడితే ఆయన లెక్క తప్పుతుంది.

తుప్పు విషయానికి మరో రెండు చిన్న పరీక్షలున్నాయి. తాజాగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారం ఉన్నంత మేర ముదురు గులాబీ రంగు వస్తుంది. పోయినంత మేర రంగు రాదు. రంగు రాని పొర మందాన్ని స్కేలుతో కొలవొచ్చు. చువ్వ ఆ పొరలో ఉందా, గులాబీ రంగులో ఉందా అన్నది అక్కడే నిలబడ్డ ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు వీలైనంతమంది దగ్గరుండి చూడండి. నివేదికలోని యాభై పేజీలు ఒప్పించలేని వాళ్లను ఆ రంగు ఒప్పిస్తుంది. రెండోది హాఫ్ సెల్ పరీక్ష: చువ్వ విద్యుత్ పొటెన్షియల్ మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి దిగితే అక్కడ తుప్పు నడుస్తుండే అవకాశం 90 శాతం పైన. పెచ్చు ఇంకా ఊడని చోట్లను ముందే పట్టిచ్చేది ఇదే. తీరం దగ్గర వీటికి తోడు కాంక్రీటు పొడిలో క్లోరైడ్ ఎంతుందో ల్యాబ్‌లో చూపించాలి.

చట్టం ఎక్కడుంది?

ముంబయిలో ముప్ఫై ఏళ్లు దాటిన భవనానికి నమోదైన స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పరీక్ష చేయించడం యజమానుల చట్టబద్ధమైన బాధ్యత. అక్కడి మున్సిపల్ చట్టంలో 353బి సెక్షన్ అందుకే ఉంది. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల నమూనా బైలాస్ ఇంకా ముందుకెళ్లి, 15 నుంచి 30 ఏళ్ల భవనాలకు ఐదేళ్లకోసారి, ఆపైన మూడేళ్లకోసారి ఆడిట్ చేయించమంటాయి. నివేదిక చివర భవనానికి ఒక వర్గం ఇస్తారు: సీ1 అయితే ఖాళీ చేసి కూల్చేయాలి, సీ2 అయితే పెద్ద మరమ్మతులు, సీ3 అయితే చిన్నవి. బిల్డర్ల కన్ను స్థలం మీద ఉన్నచోట సీ1 ముద్ర అనుమానాలకు తావిస్తుంది. ఒకరు సీ1 అని, మరొకరు సీ2 అని విరుద్ధ నివేదికలు తెచ్చిన కేసుల్లో సాంకేతిక సలహా కమిటీ తేలుస్తుంది. రీడింగులు అందరి చేతిలో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. రీడింగులుంటే రెండో ఇంజినీరు వాటిని చదివి ఒప్పుకోనూవచ్చు, కాదననూవచ్చు. సర్టిఫికెట్‌ను నమ్మడమో మానడమో తప్ప ఇంకేమీ చేయలేం.

మన దగ్గర పరిస్థితి వేరు. హైదరాబాద్‌లో శిథిల భవనాలకు నోటీసులిచ్చేది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద. అది శిథిలమైన, కూలేలా ఉన్న కట్టడం గురించి మాట్లాడుతుంది. ఏటా వానాకాలం ముందు అలాంటివాటి జాబితా తయారవుతుంది. బయటికి రంగులేసుకుని నిలబడి, లోపల స్లాబులు ఊడుతున్న ముప్ఫై ఏళ్ల అపార్ట్‌మెంటు ఆ జాబితాకు ఎక్కదు. ఎక్కే నాటికి ఆలస్యమైపోతుంది. కాబట్టి ప్రస్తుతానికి మనవైపు ఆడిట్ అన్నది నివాసులు అడిగితేనే జరిగే పని.

అడిగి చేయించుకున్న తర్వాత కూడా ఎక్కడ ఆగిపోవచ్చో అమెరికాలోని సర్ఫ్‌సైడ్ చెబుతుంది. ఫ్లోరిడా సముద్రతీరంలో 1981లో కట్టిన పన్నెండంతస్తుల షాంప్లెయిన్ టవర్స్ సౌత్. నలభై ఏళ్లకు జరగాల్సిన తనిఖీకి ముందస్తుగా 2018లోనే ఒక ఇంజినీరు చూసి, ఈతకొలను పక్కనున్న డెక్ కింద కాంక్రీటు స్లాబ్ తీవ్రంగా దెబ్బతిన్నదని, నీళ్లు దిగకుండా వేసిన పొర పనికిరాకుండా పోయిందని రాసిచ్చారు. అంటే ఆడిట్ జరిగింది, జబ్బు దొరికింది. ఆ తర్వాత దాదాపు రెండున్నరేళ్లు ఖర్చు దగ్గర యజమానుల మధ్య వాదోపవాదాలు నడిచాయి, బోర్డు సభ్యులు రాజీనామాలు చేశారు. చివరికి 2021 ఏప్రిల్‌లో సుమారు కోటిన్నర డాలర్ల వసూలుకు ఒప్పుకున్నారు. ఒక్కో ఫ్లాటు వాటా తక్కువలో తక్కువ 80 వేల డాలర్లు. ఆ ఏడాది జూన్ 24న అర్ధరాత్రి దాటాక భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న ఉమ్మడి నివాస భవనాలకు ముప్ఫయ్యో ఏట తనిఖీ, తర్వాత పదేళ్లకోసారి.

మన దేశంలో భవనాలు కూలే కారణాలు ఇంకా సూటిగా ఉంటాయి. 2017 జూలైలో ముంబయి ఘాట్‌కోపర్‌లో కూలిన నాలుగంతస్తుల భవనంలో 17 మంది పోయారు. అప్పటికి దాని కింది అంతస్తులోని నర్సింగ్ హోమ్‌లో మార్పుల పనులు సాగుతున్నాయి. కింది అంతస్తులో షాపు కోసమో క్లినిక్ కోసమో పిల్లరును చెక్కుతున్నా, గోడ తీసేస్తున్నా పై అంతస్తులవాళ్లు అదే రోజు పని ఆపించాలి. దానికి ఆడిట్ దాకా ఆగనక్కర్లేదు.

నివేదిక వచ్చాక

మాస్టారి బ్లాకులో నివేదిక వచ్చిందనుకుందాం. నాలుగు పిల్లర్ల అడుగున, పదకొండు చోట్ల స్లాబుల్లో తుప్పు. పునాది కుంగిన జాడలు లేవు. పనుల వరుస ఇక్కడ ముఖ్యం. మొదట నీళ్లు ఆపాలి: బాత్‌రూముల లీకేజీలు, డాబా వాటర్‌ప్రూఫింగ్, పగిలిన డ్రైనేజీ పైపులు. అది చేయకుండా కాంక్రీటు బాగుచేయించడం డబ్బు పారబోయడమే. తర్వాత దెబ్బతిన్న చోట కింద జాకీలు పెట్టి బరువు వాటి మీదికి మార్చి, చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా కాంక్రీటు తొలవాలి. ముందు వైపు మాత్రమే గీకి వదిలేస్తే వెనక తుప్పు అలాగే ఉంటుంది. చువ్వ మెరిసేదాకా శుభ్రం చేసి కొలవాలి. మందం బాగా తగ్గిన చోట కొత్త చువ్వ జతచేయాలి. ఆపైన జింక్ ప్రైమర్, పాత కొత్త కాంక్రీటులను కలిపే బాండింగ్ కోటు, స్లాబ్‌కు పాలిమర్ మోర్టార్, పిల్లరుకు మైక్రో కాంక్రీటు జాకెట్. ప్రతి చోటా చువ్వ శుభ్రం చేశాక, మూసేముందు ఫొటో తీయించండి. బిల్లు చెల్లించేముందు ఆ ఫొటోలు చూడండి. ఆడిట్ చేసిన ఇంజినీరే మధ్యలో రెండుసార్లు వచ్చి చూసేలా ముందే మాట్లాడుకోండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఉత్తరం, మీటింగు, కొటేషన్లు అన్న వరుస పనికిరాదు. పార్కింగ్‌లో పిల్లరు మూల వెంబడి నిలువుగా పగులు పడి కాంక్రీటు బయటికి ఉబికితే, బీము పిల్లరును కలిసే చోట ఏటవాలు పగులు రోజురోజుకూ వెడల్పవుతుంటే, నిన్నటిదాకా మూసుకున్న తలుపులు ఒక అంతస్తులో వరసగా బిగుసుకుంటుంటే, ఆ భాగం ఖాళీ చేయించి అదే రోజు ఇంజినీరును పిలిపించి జాకీలు పెట్టించండి. కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.

మిగతావాళ్లకు తొందర అంత లేదు, అలాగని వాయిదా వేసే తీరికా లేదు. 2000కు ముందు కట్టిన బ్లాకులో ఉంటున్నవాళ్లు వచ్చే జనరల్ బాడీ నోటీసులో ఈ అంశాన్ని లిఫ్టు, రంగుల కన్నా ముందు పెట్టించండి. ఊళ్లో లేని యజమానుల సమ్మతి, తాళం చెవులు ఇప్పటినుంచే సేకరించండి. మీటింగులో “ఎవరికి కావాలో వాళ్లే చేయించుకోండి” అన్న మాట వస్తే దాన్ని మినిట్స్‌లో రాయించండి, అన్నవారి ఫ్లాటు నంబరుతో సహా.